ఈ అరవై బిల్లులే ఎందుకు?

ఆడిట్ నివేదిక చదివిన ప్రతి ఫైనాన్స్ మేనేజరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడుగుతాడు. ఏడాదిలో ఐదు వేల కొనుగోలు బిల్లులు వస్తే ఆడిటర్ చూసింది అరవై. వాటిలో రెండు తప్పులు దొరికాయని నివేదికలో రాస్తే, "మా స్టోర్స్ బిల్లులే ఎందుకు తీశారు? మిగతా విభాగాలవి ఎందుకు తీయలేదు?" అని గట్టిగానే అడుగుతారు. అదే ప్రశ్న ఇంకో వైపు నుంచి కూడా వస్తుంది. తప్పేమీ దొరకలేదని రాసి, రెండేళ్ల తర్వాత మోసం బయటపడితే, నియంత్రణ సంస్థ నుంచి వచ్చిన తనిఖీ అధికారి ఫైలు తెరిచి "ఈ అరవయ్యే ఎందుకు తీశారు?" అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే కాగితం జవాబు చెప్పగలగాలి. పైగా ఆ కాగితం ఫలితం తెలియక ముందే రాసి ఉండాలి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలిసిపోతుందని అంటాం. గిన్నె అంతటికీ ఒకే మంట తగిలింది కాబట్టి అక్కడ ఆ మాట చెల్లుతుంది. బిల్లుల సంగతి అలా కాదు. ఒక గుమస్తా సెలవులో ఉన్న నెల, ఒకే సరఫరాదారు, ఒకే బ్రాంచి... తప్పులు ఇలా ఒకచోట పోగుపడతాయి. చేతికందిన ఫైలు లాగి నాలుగు బిల్లులు చూస్తే, ఆ నాలుగింటి గురించి తప్ప మిగతావాటి గురించి ఏమీ చెప్పలేం.

ఆడిట్ ఆఫీసుల్లో ఈ పని ఎక్కువగా ఆర్టికల్ అసిస్టెంట్ల మీద పడుతుంది. "ర్యాండమ్‌గా ఓ అరవై తీయమ్మా" అని సీనియర్ చెబితే, ఆ అమ్మాయి ఫైళ్లు తిరగేసి మనసుకు తోచినవి తీస్తుంది. ఆమె నిజాయతీకి లోటేమీ లేదు. కానీ చెయ్యి తనకు తెలియకుండానే కొన్నిటిని ఎంచుకుంటుంది. పెద్ద మొత్తాలు కళ్లకు ముందుగా కనిపిస్తాయి. అచ్చు స్పష్టంగా ఉన్న బిల్లు తీస్తాం, కార్బన్ కాపీలా మసకబారినదాన్ని దాటేస్తాం. కట్ట అడుగునా, ఫైలు మొదటి పేజీలోనూ ఉన్నవి మిగిలిపోతాయి. అదే ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేసే అకౌంటెంటుకు ఆడిటర్లు ఏ నెలలు తీస్తారో, ఏ మొత్తం దాటితే చూస్తారో ఇట్టే తెలిసిపోతుంది.

మన దేశంలో చార్టర్డ్ అకౌంటెంట్లు పాటించే ఆడిట్ ప్రమాణాల్లో ఎస్ఏ 530 శాంపిల్ తీయడం గురించినది. శాంపిల్ తీసే పద్ధతుల్లో ర్యాండమ్ ఎంపికను అది ఒకటిగా చెబుతుంది. ఎలాంటి క్రమమూ లేకుండా చేతికి వచ్చినవి తీయడాన్ని వేరే పద్ధతిగా చూపుతుంది. ఆ రెండో పద్ధతి నిషిద్ధమేమీ కాదు. కానీ లెక్క కట్టి "ఇంత శాతం నమ్మకంతో చెబుతున్నాం" అనాలంటే అది పనికిరాదని ప్రమాణమే స్పష్టం చేస్తుంది. ర్యాండమ్ అంటే ఆలోచించకుండా తీయడం కాదు. జాబితాలో ఉన్న ప్రతి బిల్లుకూ ఎంపికయ్యే అవకాశం ఎంతో ముందే తెలిసి ఉండటం.

పద్ధతి నడిచే తీరు చూడటానికి ఒక ఊహా సంస్థను తీసుకుందాం. గుంటూరులో వ్యవసాయ పంపుసెట్లు, పైపులు అమ్మే డీలరు. నరసరావుపేటలో ఒక బ్రాంచి. 2024-25 కొనుగోళ్లు దాదాపు 38 కోట్ల రూపాయలు. ఆడిటర్ తేల్చుకోవాల్సింది ఒక్కటే విషయం. డబ్బు చెల్లించే ముందు ప్రతి బిల్లునూ పర్చేజ్ ఆర్డర్‌తోనూ, సరుకు అందినట్లు స్టోర్స్ రాసిచ్చిన రసీదుతోనూ సరిచూస్తున్నారా లేదా? ఈ మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా, ధరో పరిమాణమో కలవకపోయినా దాన్ని తప్పుగా లెక్కిస్తారు. ఏది తప్పో ఈ మాటల్లో ముందే రాసిపెట్టుకోవాలి. బిల్లులు చూశాక నిర్వచనం మార్చుకునే వీలుంటే ఆ తర్వాత చేసే లెక్కకు విలువ ఉండదు.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని అసలు జాబితా సంపూర్ణంగా ఉందని తేల్చుకోవడం. అనుభవం లేనివాళ్లు తొందరపడి దాటేసేది ఈ మెట్టే. మన గుంటూరు సంస్థ ట్యాలీ నుంచి పర్చేజ్ రిజిస్టర్ తీసి ఎక్సెల్‌లో పంపింది. అందులో 4,823 బిల్లులున్నాయి. ఆడిటర్ వాటి మొత్తాన్ని కూడి ట్రయల్ బ్యాలెన్స్‌లోని కొనుగోళ్ల ఖాతాతో పోల్చి చూస్తే 21,46,000 రూపాయల తేడా తేలింది. వెతికితే కారణం దొరికింది. నరసరావుపేట గుమస్తా 37 బిల్లులను పర్చేజ్ వోచర్లుగా కాకుండా జర్నల్ వోచర్లుగా ఎక్కించాడు. అలా ఎక్కించినవి పర్చేజ్ రిజిస్టర్‌లో కనిపించవు. ఈ తేడా పట్టుకోకుండా శాంపిల్ తీసి ఉంటే, ఆ 37 బిల్లులకు ఎంపికయ్యే అవకాశం సున్నా అయ్యేది. ఆ తర్వాత లాటరీ ఎంత నిష్పక్షపాతంగా నడిపినా ప్రయోజనం లేదు. వాటిని చేర్చాక జాబితా 4,860 బిల్లులతో ఖాతాకు పైసాతో సహా సరిపోయింది.

వోచర్ నంబర్లలో ఎక్కడైనా ఖాళీలున్నాయా అనేది కూడా ఇక్కడే చూడాలి. 1,214 తర్వాత 1,216 వస్తే 1,215 ఏమైందో అడగాలి. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే ఎడిట్ లాగ్ తప్పనిసరిగా ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది. కాబట్టి తీసేసిన వోచర్ జాడ ఇప్పుడు పట్టుకోవడం మునుపటికన్నా తేలిక.

జాబితా తేలాక దాన్ని స్తంభింపజేయాలి. ఒక్కో బిల్లుకూ 1 నుంచి 4,860 దాకా వరుస సంఖ్య ఇచ్చి ఫైలును సేవ్ చేసి, దానికో వేలిముద్ర తీయాలి. విండోస్ కంప్యూటర్‌లో అందుకు ఒక చిన్న ఆదేశం చాలు:

```
certutil -hashfile purchases.csv SHA256
```

దీంతో 64 అక్షరాల వరుస ఒకటి తెర మీదికి వస్తుంది. ఫైల్లో ఒక్క అంకె మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. దాన్ని వర్కింగ్ పేపర్‌లో రాసుకుంటే, "ఎంపిక చేశాక జాబితా మార్చారేమో" అన్న అనుమానానికి సమాధానం అక్కడే దొరుకుతుంది.

ఇక ఎన్ని తీయాలి? పది లక్షల రూపాయలు దాటిన బిల్లులు ఈ సంస్థలో 42 ఉన్నాయి. ఒక్కో దానిలో తప్పు జరిగినా పెద్ద మొత్తమే కాబట్టి ఆడిటర్ వాటిని విడదీసి అన్నిటినీ చూడాలని నిర్ణయించుకున్నాడు. మిగిలినవి 4,818. వాటికి 1 నుంచి మళ్లీ వరుస సంఖ్యలిచ్చి, ఆ రెండో జాబితాకూ వేలిముద్ర తీసిపెట్టాడు. శాంపిల్ తీసేది వీటి నుంచే.

అరవై అనే సంఖ్య వెనక ఒక సులువైన లెక్క ఉంది. నిజంగా నూటికి ఐదు బిల్లులు తప్పువే అనుకుందాం. ర్యాండమ్‌గా తీసిన ఒక బిల్లు సరైనదై ఉండే అవకాశం 0.95. రెండూ సరైనవై ఉండే అవకాశం 0.95ను 0.95తో గుణిస్తే వస్తుంది. ఇలా 59 సార్లు గుణిస్తూ పోతే ఫలితం 0.05 కన్నా తగ్గుతుంది. అంటే తప్పులు ఐదు శాతం ఉండి కూడా 59 బిల్లుల్లో ఒక్క తప్పూ కనబడకపోవడం నూటికి ఐదు సార్లు కూడా జరగదు. అందుకే 59 గానీ, సరిపెట్టి 60 గానీ చూసి ఒక్క తప్పూ దొరక్కపోతే "తప్పుల శాతం ఐదు లోపేనని 95 శాతం నమ్మకంతో చెప్పగలం" అంటారు. ఈ లెక్కలో మొత్తం బిల్లుల సంఖ్య ఎక్కడా రాలేదన్నది గమనించాల్సిన విషయం. జాబితా ఐదు వేలైనా యాభై వేలైనా శాంపిల్ దాదాపు ఇంతే. "ఐదు వేలకు అరవై ఏమిటి, ఒక శాతం పైన కొంచెమేగా!" అనే అభ్యంతరం ఇక్కడ నిలవదు. అయితే ఐదు శాతం తప్పుల్ని ఎందుకు సహించవచ్చనుకున్నారో ఆడిటర్ విడిగా రాయాలి. అది గణితం కాదు, ఆయన నిర్ణయం. రెండు శాతమే సహించగలం అనుకుంటే శాంపిల్ 149కి పెరుగుతుంది.

ఎంపికను చాలామంది ఎక్సెల్‌లోనే చేస్తారు. ప్రతి బిల్లు పక్కనా `=RAND()` అని రాసి, ఆ వరుసలో పేర్చి, పైనున్న అరవై తీస్తారు. పద్ధతి మంచిదే, కానీ అందులో ఒక చిక్కుంది. షీట్‌లో ఎక్కడ ఏ మార్పు చేసినా ఎక్సెల్ ఆ అంకెలన్నిటినీ మళ్లీ కొత్తగా పుట్టిస్తుంది. మరుసటి రోజు ఫైలు తెరిస్తే నిన్నటి అంకెలు ఉండవు. ఈ అరవై ఎలా వచ్చాయో చూపించమంటే చూపించడానికి ఏమీ మిగలదు. అంకెలు రాగానే కాపీ చేసి విలువలుగా పేస్ట్ చేస్తే అవి నిలిచిపోతాయి. అయినా ఇంకో ప్రశ్న మిగులుతుంది. నచ్చిన శాంపిల్ వచ్చేదాకా ఎన్నిసార్లు తిప్పారు? `RANDBETWEEN` వాడేవాళ్లకు మరో ఇబ్బంది ఉంది, ఒకే బిల్లు నంబరు రెండుసార్లు రావచ్చు.

ఆ ప్రశ్నకు జవాబు సీడ్. కంప్యూటర్ పుట్టించే ర్యాండమ్ అంకెలు ఒక మొదటి సంఖ్య నుంచి లెక్క ప్రకారం వస్తాయి. ఆ సంఖ్యే సీడ్. అదే సీడ్ ఇస్తే అవే అంకెలు అదే వరుసలో తిరిగి వస్తాయి. అందుకని సీడ్‌ను ఎవరూ తమకు అనుకూలంగా ఎంచుకోలేని విధంగా నిర్ణయించాలి. మన ఉదాహరణలో ఆడిట్ భాగస్వామి, సంస్థ ఫైనాన్స్ మేనేజర్ ఒకరిది ఒకరు చూడకుండా చెరో మూడంకెల సంఖ్యను కాగితం మీద రాశారు. ఒకరిది 417, మరొకరిది 302. రెండూ పక్కపక్కన పెడితే 417302. ఆ చీటీ మీద ఇద్దరూ సంతకాలు చేశారు. జాబితాల వేలిముద్రలు అప్పటికే ఫైల్లో ఉన్నాయి కాబట్టి, ఏ సీడ్‌కు ఏ బిల్లులు వస్తాయో చూసుకుని జాబితా సర్దే వీలు ఎవరికీ లేదు. ఆ తర్వాత చేయాల్సింది మూడు వరుసల పని:

```python
import random
random.seed(417302)
print(random.sample(range(1, 4819), 70))
```

`range(1, 4819)` అంటే 1 నుంచి 4,818 దాకా. కావాల్సింది అరవై అయితే డెబ్బై తీయడానికి కారణం ఉంది. మొదటి అరవై శాంపిల్, చివరి పది నిల్వ. వచ్చిన వరుసను మార్చకుండా అలాగే ఉంచాలి. పైథాన్ ఏ వెర్షన్ వాడారో కూడా రాసిపెట్టాలి, ఎందుకంటే కొత్త వెర్షన్‌లో లెక్క విధానం మారితే అంకెలు వేరుగా రావచ్చు.

నిల్వ పది ఎందుకో బిల్లుల కోసం స్టోర్స్‌కు వెళ్లినప్పుడు తెలుస్తుంది. అరవై నంబర్లు ఇస్తే యాభై ఎనిమిది బిల్లులు బల్ల మీదికి వచ్చాయి. మిగిలిన రెండింటిలో ఒకటి చెల్లింపు జరగక ముందే సక్రమంగా రద్దయిన వోచర్. సరఫరాదారు పొరపాటున రెండుసార్లు పంపిన బిల్లును ఒకసారి తీసేసినట్లు కాగితాలున్నాయి. ఇలాంటప్పుడు బదులు వేరేదాన్ని తీసుకోవచ్చని ఎస్ఏ 530 అంటుంది. ఆ బదులు వరుసలో 61వ నంబరే కావాలి, పక్కనున్న ఫైల్లోంచి తీసింది కాకూడదు. 61వ నంబరు బిల్లు అన్ని విధాలా సరిగ్గానే ఉంది.

రెండోదాని కథ వేరు. "ఆ ఫైలు గోడౌన్‌లో ఎక్కడో ఉంది సార్, దొరకట్లేదు. దాని బదులు ఇంకోటి చూడండి" అన్నాడు అకౌంటెంట్. మర్యాదగా అడిగిన మాటే గానీ ఒప్పుకోవడానికి వీల్లేని మాట. బిల్లు దొరక్కపోతే, దాన్ని సరిచూసేందుకు ఇంకో సరైన మార్గం కూడా లేకపోతే, ప్రమాణం ప్రకారం దాన్ని తప్పుగానే లెక్కించాలి. సరిగ్గా లేని కాగితాలే ఎక్కువగా కనిపించకుండా పోతాయి. వాటి స్థానంలో సులువుగా దొరికేవి పెడుతూ పోతే శాంపిల్‌లో మంచి బిల్లులే మిగులుతాయి. ఫైల్లో లేని బిల్లుకు బదులు వాడారో లేదో చూస్తే చాలు, ఆ ఆడిట్‌లో ఎంత జాగ్రత్త ఉందో తనిఖీ చేసేవాళ్లకు అర్థమైపోతుంది.

చివరికి అరవైలో రెండు తప్పులు తేలాయి. ఒకటి దొరకని బిల్లు. రెండోది పీవీసీ పైపుల బిల్లు, దానికి సరుకు అందిన రసీదే లేదు. అరవైలో రెండంటే 3.3 శాతం, ఐదు లోపే కదా అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది తడబడతారు. శాంపిల్‌లో కనిపించినది 3.3 అయినా, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే మొత్తం జాబితాలో తప్పులు దాదాపు 10 శాతం దాకా ఉండొచ్చు. ఒక్క తప్పే దొరికి ఉన్నా ఆ హద్దు ఏడున్నర దాటేది. కాబట్టి సరిచూసే పద్ధతి పనిచేస్తోందని ఆడిటర్ ఇక అనలేడు. "అదేదో ఒక్కసారి జరిగిన పొరపాటు" అని పక్కన పెట్టాలన్నా, అలాంటిది మరెక్కడా లేదని చాలా గట్టి నిశ్చయానికి వచ్చేంత అదనపు తనిఖీ చేయమంటుంది ఎస్ఏ 530. ఇంకో ఇరవై బిల్లులు తీసి, వాటిలో తప్పుల్లేవని చెప్పి శాతం తగ్గించుకోవడం కూడా కుదరదు. అలా శాంపిల్ పెంచే ఉద్దేశం మొదటి ప్రణాళికలోనే, దానికి తగిన లెక్కతో ఉండాలి.

ఆడిటర్ చేసింది కారణం వెతకడం. రసీదు లేని పైపులు గోడౌన్‌కు రాకుండా నేరుగా రైతు పొలానికి వెళ్లిన సరుకు. ఇలా నేరుగా పంపే అమ్మకాలకు రసీదు ఎవరు రాయాలో సంస్థలో ఎవరూ నిర్ణయించలేదు. అలాంటి బిల్లులన్నిటినీ వేరుచేసి, రైతుల సంతకాలున్న డెలివరీ చలాన్లతో ఒక్కొక్కటీ సరిపోల్చాల్సి వచ్చింది.

ఇదంతా ఫైల్లో ఎలా రాయాలి? ఎస్ఏ 230 ఇచ్చే కొలబద్ద ఇది: ఈ ఆడిట్‌తో ఎలాంటి సంబంధమూ లేని అనుభవజ్ఞుడైన ఆడిటర్ ఫైలు చదివి, ఏం చేశారో, ఏం తేలిందో అర్థం చేసుకోగలగాలి. ఎలా రాయాలో కూడా అదే ఒక ఉదాహరణ చూపుతుంది. సరుకు రవాణా నివేదికల నుంచి శాంపిల్ తీస్తే, ఏ తేదీల మధ్య రిజిస్టర్ నుంచి తీశారో, 12345 నంబరుతో మొదలుపెట్టి ప్రతి 125వది తీశామని రాస్తే చాలు, ఎవరైనా తిరిగి అవే నివేదికలు తీయగలరు. గుంటూరు ఫైల్లో ఆ పేజీ ఇలా ఉంటుంది:

"2024-25 కొనుగోలు బిల్లులు 4,860. ట్రయల్ బ్యాలెన్స్‌తో సరిపోయింది (జర్నల్‌లో ఎక్కించిన 37 కలిపి). రెండు జాబితాల SHA-256 జతచేశాం. పది లక్షలు దాటినవి 42, అన్నీ చూశాం. మిగతా 4,818 నుంచి ర్యాండమ్‌గా 60, నిల్వ 10. సీడ్ 417302, చీటీ జతచేశాం. తప్పు నిర్వచనం, సహించే హద్దు 5 శాతం, ఎంపికకు ముందే రాశాం. రద్దయిన వోచర్ 1, బదులు 61వ నంబరు. దొరకని బిల్లు 1, తప్పుగా లెక్కించాం."

ఒక పేజీకి మించదు. కానీ "ర్యాండమ్‌గా 60 బిల్లులు పరిశీలించాం, సంతృప్తికరం" అన్న ఒక్క వాక్యానికీ దీనికీ మధ్య ఉన్న తేడా సామాన్యమైనది కాదు. ఆ ఒక్క వాక్యాన్ని ఎవరూ పరీక్షించలేరు. ఈ పేజీని మాత్రం జాబితా, సీడ్ ఉన్న ఎవరైనా అయిదు నిమిషాల్లో నడిపి, అవే డెబ్బై నంబర్లు వస్తున్నాయో లేదో చూడొచ్చు. ఆడిట్ నివేదిక ఇచ్చాక ఫైలును సాధారణంగా 60 రోజుల్లోపు సర్ది ముగించాలి. ఆ తర్వాత కనీసం ఏడేళ్లు భద్రపరచాలి.

ఈ పద్ధతి ఏం చేయలేదో కూడా అదే పేజీలో రాయడం నిజాయతీ. 4,818 బిల్లుల్లో దొంగ బిల్లులు పదే ఉన్నాయనుకుంటే, ర్యాండమ్‌గా తీసిన అరవైలో వాటిలో ఒక్కటైనా పడే అవకాశం 12 శాతమే. నూటికి ఎనభై ఎనిమిది సార్లు పదీ తప్పించుకుంటాయి. మోసాన్ని అనుమానించినప్పుడు లాటరీ కాదు, వల వేసి వెతకాలి. ఒకే బ్యాంకు ఖాతా నంబరు ఉన్న ఇద్దరు సరఫరాదారులు, ఆదివారం ఎక్కించిన బిల్లులు, అనుమతి హద్దుకు వెయ్యి తక్కువగా పదేపదే వచ్చే మొత్తాలు. అలా దొరికినవాటిని వేరే షీట్‌లో ఉంచాలి. వాటిని శాంపిల్‌లో కలిపి శాతాలు కట్టకూడదు, ఎందుకంటే అవి లాటరీలో వచ్చినవి కావు. ఇంకో హద్దు కూడా ఉంది. పుస్తకాల్లో ఉన్న బిల్లుల నుంచి శాంపిల్ తీస్తే, పుస్తకాల్లో ఎక్కించని బిల్లు ఎన్నటికీ బయటపడదు. దానికి స్టోర్స్ రసీదుల నుంచి మొదలుపెట్టి పుస్తకాల వైపు రావాలి.

హైదరాబాద్‌కు ఇది కొత్త సంగతి కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో బయటపడిన కుంభకోణంలో, ఆదాయాన్ని పెంచి చూపేందుకు ఆరు వేలకు పైగా బూటకపు ఇన్‌వాయిస్‌లు సృష్టించారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 2011లో తేల్చింది. సంస్థే ఇచ్చిన జాబితాను సంస్థే ఇచ్చిన కాగితాలతో సరిపోల్చితే, రెండూ ఒకే చేతిలో తయారైనప్పుడు అన్నీ సరిగ్గానే కలుస్తాయి. శాంపిల్ ఎంత చక్కగా తీసినా ఆ కలయిక చెదరదు. సత్యం విషయంలో ఆడిటర్లపై వచ్చిన ప్రధాన అభియోగం కూడా బ్యాంకు నిల్వలను బ్యాంకుల నుంచి స్వతంత్రంగా ధ్రువీకరించుకోలేదన్నదే. అందుకే గుంటూరు శాంపిల్‌లోని అరవై బిల్లుల్లో కొన్నిటికైనా ఆడిటర్ కాగితం బయటికి వెళ్లాల్సి ఉంటుంది. సరఫరాదారు జీఎస్‌టీ రిటర్నులో ఆ బిల్లు చూపాడా, ఈ-వే బిల్లులో ఉన్న లారీ ఆ రోజు ఆ దారిన వచ్చిందా, డబ్బు ఏ ఖాతాలో జమయింది... ఈ మూడూ సంస్థ గుమస్తా తయారుచేయలేని చోట్ల నమోదై ఉంటాయి. వాటిని ఏ బిల్లులకు అడగాలన్నది కూడా వరుసలో మొదట వచ్చిన నంబర్లను బట్టి ముందే రాసిపెట్టి ఉండాలి.